వినపడకపోయినా, కనపడకపోయినా ఫోన్ ఎవరు చేశారో తెలియాలంటే: ఫ్లాష్, వైబ్రేషన్, మనిషికో రింగ్‌టోన్

ఇవాళ ఫోన్‌లో చాలామంది ఎప్పుడూ తెరిచి చూడని కొన్ని సెట్టింగ్స్ గురించి మాట్లాడుకుందాం. ఫోన్ మోగితే మనం రెండు పనులు ఒకేసారి చేసేస్తాం. ఫోన్ వచ్చిందని తెలుసుకుంటాం, స్క్రీన్ చూసి ఎవరో తెలుసుకుంటాం. వినికిడి తగ్గినవాళ్లకి మొదటిది కష్టం. చూపు తగ్గినవాళ్లకి రెండోది కష్టం. అందుకని ఇద్దరికీ ఒకే సెట్టింగ్ పనిచేయదు. ఈ తేడా తెలియకుండా "యాక్సెసిబిలిటీలో అన్నీ ఆన్ చేసేశానండీ" అనుకుంటే, ఆ పెద్దాయనకీ ఉపయోగం ఉండదు, ఆవిడకీ ఉండదు.

తెనాలి నుంచి ఒక ప్రేక్షకురాలు రాశారు. వాళ్ల నాన్నగారికి డెబ్భై దాటాయి, రెండు చెవులకీ హియరింగ్ ఎయిడ్స్ ఉన్నాయి. పెట్టుకున్నప్పుడు బాగానే వినిపిస్తుంది, కానీ మధ్యాహ్నం పడుకున్నప్పుడు, రాత్రి, స్నానానికి వెళ్లినప్పుడు తీసేస్తారు. అమ్మగారికి షుగర్ వల్ల రెటీనా దెబ్బతింది. మనిషి ఆకారం తెలుస్తుంది గానీ స్క్రీన్ మీద పేరు చదవలేరు. కూతురు అమెరికాలో, కొడుకు హైదరాబాద్‌లో. కూతురు వాడి ఇచ్చేసిన ఐఫోన్ నాన్నగారి దగ్గర ఉంది, అమ్మగారిది ఆండ్రాయిడ్. ఒకరోజు అమ్మగారు బాత్రూమ్‌లో జారారు. చేతికి అందిన ఫోన్‌తో వరండాలో ఉన్న నాన్నగారికి మూడుసార్లు చేశారట. ఆయనకి తెలియలేదు. పక్కింటివాళ్లు కేక విని వచ్చారు. పెద్ద దెబ్బ తగల్లేదు గానీ, ఆ తర్వాత ఈ ఇంట్లో రెండు ఫోన్లూ మొదటినుంచీ మళ్లీ సెట్ చేశారు. ఆ సెట్ చేసిన పద్ధతినే మీకు చెప్తాను. చాలా ఇళ్లలో పరిస్థితి ఇంచుమించు ఇలాగే ఉంటుంది కాబట్టి మీకూ పనికొస్తుంది.

ముందు ఒక లెక్క గుర్తుపెట్టుకోండి. మన దేశంలో ఎవరూ ఎత్తకపోతే మొబైల్ 30 సెకన్లు మోగాలని ట్రాయ్ 2019లో నియమం పెట్టింది. ల్యాండ్‌లైన్‌కైతే 60 సెకన్లు. అంటే మన పెద్దవాళ్ల చేతిలో ఉన్న టైమ్ సుమారు అర నిమిషం. ఆ అర నిమిషంలోనే ఫోన్ వచ్చిందని తెలియాలి, ఎవరో తెలియాలి, లేచి వెళ్లి అందుకోవాలి. ఏ సెట్టింగ్ పెట్టినా ఇందులో ఎన్ని సెకన్లు మిగుల్చుతోంది అని చూసుకోవాలి.

ఇక నాన్నగారి ఐఫోన్. మొదట లైట్ సంగతి చూద్దాం. `Settings` లో `Accessibility`, అందులో `Audio & Visual`, కింద `LED Flash for Alerts`. వెర్షన్‌ని బట్టి పేరు కొంచెం అటూ ఇటూ మారొచ్చు. దొరక్కపోతే సెట్టింగ్స్ పైన ఉన్న సెర్చ్‌లో `Flash` అని కొట్టండి, వచ్చేస్తుంది. దీన్ని ఆన్ చేశాక ఇంకో రెండు బటన్లు కనిపిస్తాయి. `Flash in Silent Mode` ఆఫ్‌లో ఉంటే, ఫోన్ సైలెంట్‌లో ఉన్నప్పుడు లైట్ వెలగదు. గుడికి వెళ్లి సైలెంట్‌లో పెట్టి మర్చిపోయే మనిషికి కావాల్సింది సరిగ్గా అప్పుడే కదా, అందుకని అది ఆన్‌లో ఉండాలి. రెండోది `Flash While Unlocked`. ఇది ఆఫ్‌లో ఉంటే ఫోన్ లాక్ అయి ఉన్నప్పుడే వెలుగుతుంది. ఇదీ ఆన్ చేసేయడం మంచిది.

ఆన్ చేశాం, ఫోన్ చేశాం, లైట్ వెలిగింది. పనైపోయిందా? కాలేదు. ఆ లైట్ ఫోన్ వెనకవైపు, కెమెరా పక్కన ఉంటుంది. మనందరికీ ఫోన్‌ని స్క్రీన్ పైకి ఉండేలా బల్ల మీద పెట్టే అలవాటు. అప్పుడు లైట్ బల్లకి అతుక్కుని వెలుగుతుంది, మనిషికి కనపడదు. ఈ నాన్నగారి విషయంలో జరిగింది అదే. కూతురు సెట్టింగ్ ఆన్ చేసి రెండేళ్లయింది. దానికితోడు పర్సులా మూసే ఫ్లాప్ కవర్ ఒకటి. మడిచి పెడితే కెమెరా కూడా మూసుకుపోయేది. కవర్ మార్చారు, ఫోన్‌ని బోర్లా పెట్టడం అలవాటు చేశారు. టీవీ పక్కన చిన్న స్టూలు వేసి దాని మీద బోర్లా పెడితే, సాయంత్రం పూట ఆ లైట్ పైకప్పుకి తగిలి గదంతా మినుకుమంటుంది. టీవీ చూస్తున్న మనిషికి కంటి కొసన తెలిసిపోతుంది.

అదే ఫోన్ పగలు ఎండ పడే వరండాలో ఉంటే, ఆ లైట్ ఉన్నట్టే తెలియదు. దీనికి సెట్టింగ్ ఏమీ లేదండీ. వెలుతురు తక్కువ ఉన్న గదిలోనే ఇది పనిచేస్తుందని ఒప్పుకోవాలి.

ఇంకో ఇబ్బంది ఉంది. ఈ ఫ్లాష్ అన్నిటికీ వెలుగుతుంది. కూతురి కాల్‌కీ అదే లైట్, బట్టల షాపు డిస్కౌంట్ మెసేజ్‌కీ అదే లైట్. ఇది ఈ మనిషికి వెలుగు, ఆ మనిషికి వద్దు అని చెప్పే వీలు ఇందులో లేదు. రోజుకి నలభైసార్లు ఊరికే మినుక్కుమంటే నాలుగో రోజుకి ఎవరైనా పట్టించుకోవడం మానేస్తారు. అందుకని ఫ్లాష్ ఆన్ చేసిన రోజే `Settings` లో `Notifications` కి వెళ్లి, షాపింగ్ యాప్‌లు, న్యూస్ యాప్‌లు, ఆటలు, వీటన్నిటికీ నోటిఫికేషన్స్ ఆపేయాలి. నాన్నగారి ఫోన్‌లో ఫోన్, మెసేజెస్, వాట్సాప్, బ్యాంకు యాప్, ఈ నాలుగే మిగిల్చారు. గుడ్ మార్నింగ్ బొమ్మలొచ్చే వాట్సాప్ గ్రూపులన్నీ మ్యూట్ చేశారు. లైట్ వెలిగిందంటే లేచి చూడాల్సిన విషయమే అని ఆయనకి నమ్మకం కుదిరింది.

ఆండ్రాయిడ్ వాడేవాళ్లకి కూడా ఇది ఉంది. ఆండ్రాయిడ్ 14 నుంచి `Flash notifications` అని వచ్చింది. శాంసంగ్ ఫోన్లలో అంతకుముందు నుంచే ఉంది, `Accessibility` లో `Advanced settings` కింద వెతకండి. ఇందులో కెమెరా లైట్ ఒకటి, స్క్రీన్ మొత్తం రంగులో మెరవడం ఒకటి, రెండు రకాలున్నాయి. స్క్రీన్ మెరుపు కావాలంటే ఫోన్ వెల్లకిలా ఉండాలి, కెమెరా లైట్ కావాలంటే బోర్లా ఉండాలి. ఇంట్లో మనిషి ఫోన్ ఎలా పెడతారో నాలుగు రోజులు గమనించి, దాన్ని బట్టి ఎంచుకోండి. పెద్దవాళ్ల అలవాటు మార్చడం కంటే సెట్టింగ్ మార్చడం తేలిక.

ఒక జాగ్రత్త. ఇంట్లో ఎవరికైనా మూర్ఛ ఉంటే, లేదా మెరుపు లైట్లకి మైగ్రేన్ వచ్చే మనిషి ఉంటే ఈ ఫ్లాష్ జోలికి వెళ్లకండి. వెబ్‌సైట్లు తయారుచేసేవాళ్లకి సెకనుకి మూడుసార్లకి మించి ఏదీ మెరవకూడదని అంతర్జాతీయంగా ఒక నియమం ఉంది. అది పెట్టింది ఈ కారణానికే.

సరే, లైట్ "ఏదో వచ్చింది" అని చెప్పింది. ఎవరు అనేది చెప్పలేదు. అది చెప్పడానికి వైబ్రేషన్ ఉంది. ఐఫోన్‌లో మనిషికో వైబ్రేషన్ మనమే తయారుచేసుకోవచ్చు. ఈ సంగతి ఐఫోన్ పదేళ్లుగా వాడుతున్నవాళ్లకి కూడా చాలామందికి తెలియదు. కాంటాక్ట్ తెరిచి `Edit` నొక్కండి. `Ringtone` లోకి వెళ్తే `Haptics` అని ఉంటుంది, పాత వెర్షన్లలో `Vibration` అని ఉంటుంది. అందులో కిందికి వెళ్తే `Create New Vibration`. ఖాళీ స్క్రీన్ వస్తుంది. దాని మీద వేలితో ఒకసారి తడితే పొట్టి వైబ్రేషన్, నొక్కి పట్టుకుంటే పొడుగు వైబ్రేషన్. `Stop` నొక్కి, `Play` నొక్కి చూసుకుని, `Save` చేసి పేరు పెట్టండి. అంతే.

ఏ తాళం కొట్టాలి అనేది అసలు ప్రశ్న. ఇష్టమొచ్చినట్టు కొడితే నాన్నగారికి గుర్తుండదు. దీనికి ఒక చక్కటి ఉపాయం ఆ కూతురే పట్టారు. మనం స్కూల్లో తెలుగు ఛందస్సు చదువుకున్నాం కదా, గురువు, లఘువు. పేరులో గురువు ఉన్నచోట పొడుగు, లఘువు ఉన్నచోట పొట్టి. అమ్మాయి పేరు జానకి అనుకుందాం. జా గురువు, న లఘువు, కి లఘువు. అంటే ఒక పొడుగు, రెండు పొట్టి. అబ్బాయి రవి అనుకుందాం. రెండూ లఘువులే, రెండు పొట్టి. ఫోన్ జేబులో ఆ పేరు పలుకుతున్నట్టే ఉంటుంది. కొత్తగా బట్టీ పట్టాల్సింది ఏమీ లేదు. ఆ తరం వాళ్లకి గణాలు మనకంటే బాగా గుర్తుంటాయి కూడా.

కానీ పరీక్షించి చూస్తే ఒక చిక్కు తేలింది. పక్కింటాయన్ని రావుగారు అనుకోండి. రా గురువు, వు లఘువు. ఒక పొడుగు, ఒక పొట్టి. కూతురిది ఒక పొడుగు, రెండు పొట్టి. చేతిలో పట్టుకుంటే తేడా తెలుస్తోంది. పంచె రొంటిన దోపుకుని నడుస్తుంటే మాత్రం తెలియడం లేదు. బట్ట మందం, నడక, వీటివల్ల పొట్టి వైబ్రేషన్లు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. అందుకని పక్కింటాయనకి ఛందస్సు పక్కనపెట్టి, మూడు సెకన్లు ఆగకుండా నొక్కిన ఒకే పొడుగు వైబ్రేషన్ పెట్టారు. అమ్మగారికి అందరికంటే వేరుగా, ఆగకుండా టకటకటకమని ఆరు పొట్టివి. ఇంట్లోంచే ఆవిడ ఫోన్ చేస్తున్నారంటే లేవలేని పరిస్థితిలో ఉన్నట్టే కదా.

ఈ అనుభవంలోంచి మూడు విషయాలు చెప్తాను. ఒకటి, ఒక పోటుకీ ఇంకో పోటుకీ మధ్య అర సెకను ఖాళీ వదలండి. రెండు, మొదటి పోటు మనిషిని ఉలిక్కిపడేలా చేయడానికే సరిపోతుంది, తాళం ఏమిటో తెలిసేది రెండోసారి తిరిగి వచ్చినప్పుడే. కాబట్టి ఒక చుట్టు మొత్తం మూడు నాలుగు సెకన్లకి మించకూడదు. మరీ పొడుగైతే రెండో చుట్టు వచ్చేసరికి మన అర నిమిషంలో సగం అయిపోతుంది. మూడు, నలుగురికి మించి పెట్టకండి. మిగతా లోకానికంతా డిఫాల్ట్ వైబ్రేషన్ చాలు.

తాళాలన్నీ పెట్టాక కూడా వైబ్రేషన్ రాకపోతే రెండు చోట్ల చూడండి. `Accessibility` లో `Touch` లోపల `Vibration` అని ఒక బటన్ ఉంటుంది. అది ఆఫ్ అయితే ఫోన్ మొత్తంలో వైబ్రేషన్ చచ్చిపోతుంది, అత్యవసర హెచ్చరికలకి కూడా రాదు. రెండోది `Sounds & Haptics` లో `Haptics` దగ్గర `Always Play` ఉందో లేదో. ఇంకొక్కటి, `Do Not Disturb` లాంటి ఫోకస్ మోడ్ ఆన్‌లో ఉంటే ఇవేవీ పనిచేయవు. దాన్ని దాటి రావాల్సిన మనుషులకి, ఆ కాంటాక్ట్ `Ringtone` పేజీలోనే పైన `Emergency Bypass` అని ఉంటుంది, అది ఆన్ చేయండి. సైలెంట్‌లో ఉన్నా, ఫోకస్‌లో ఉన్నా ఆ ఒక్క మనిషి కాల్ మోగుతుంది. అమ్మగారికీ, ఇద్దరు పిల్లలకీ, పక్కింటాయనకీ పెట్టారు.

రాత్రి సంగతి వేరు. చాలామంది ఫ్లాష్ పెట్టాం కదా, నిద్రలో కూడా లేపుతుందిలే అనుకుంటారు. నిద్రలో కళ్లు మూసుకుని అటు తిరిగి పడుకున్న మనిషిని ఫోన్ లైట్ లేపుతుందని నమ్ముకోకూడదు. ధ్వని విషయంలో ఒక మంచి సమాచారం ఉంది. మామూలు ఇళ్లలో వాడే పొగ అలారమ్‌లు సుమారు 3,100 హెర్ట్జ్ దగ్గర కీచుమంటాయి. వయసుతో వచ్చే వినికిడి లోపంలో ముందు పోయేది అలాంటి సన్నని, కీచు శబ్దాలే. పరిశోధనల్లో, వినికిడి తగ్గినవాళ్లని నిద్రలేపడానికి 520 హెర్ట్జ్ దగ్గర బొంగురుగా మోగే శబ్దం చాలా బాగా పనిచేస్తుందని తేలింది. అమెరికాలో అగ్నిప్రమాదాల అలారమ్‌ల ప్రమాణం ఎన్‌ఎఫ్‌పీఏ 72లో పడకగదుల అలారమ్‌లకి ఈ 520 హెర్ట్జ్ శబ్దాన్ని చేర్చింది కూడా అందుకే.

మన ఫోన్‌కి దీన్ని అన్వయించుకుంటే, పక్షి కిలకిలలు, గాజు గంటల చప్పుడు లాంటి రింగ్‌టోన్లు పెద్దవాళ్లకి వద్దు. అలాగని మృదంగం లాంటి మరీ కింది శబ్దం పెట్టినా ఫోన్‌లో ఉన్న చిన్న స్పీకర్ దాన్ని సరిగా పలికించలేదు. మధ్యస్థంగా, పాత ల్యాండ్‌లైన్ గంటలా, లేదా హార్మోనియం మధ్య స్థాయిలా గట్టిగా ఉండేది ఎంచుకోండి. వాల్యూమ్ పెంచడం కంటే ముందు టోన్ మార్చి చూడండి. చెవి అందుకోలేని శబ్దాన్ని ఎంత పెంచినా పక్కగదిలోవాళ్లకే ఇబ్బంది.

హియరింగ్ ఎయిడ్స్ తీసేశాక అస్సలు వినపడని స్థితి అయితే ఫోన్‌కి తోడు ఇంకో వస్తువు కావాలి. చేతికి వైబ్రేట్ అయ్యే వాచీ ఒక దారి. దిండు కింద లేదా పరుపు కింద పెట్టే బెడ్ షేకర్ ఇంకో దారి, అది మంచాన్నే వణికిస్తుంది. ఫోన్‌నే దిండు కింద పెట్టేవాళ్లు ఉన్నారు. దూది పరుపు వైబ్రేషన్‌ని తినేస్తుంది. పైగా ఛార్జింగ్‌లో ఉన్న ఫోన్‌ని దిండు కింద పెడితే వేడెక్కి ప్రమాదం. అది మాత్రం చేయకండి. నాన్నగారికి వాచీ కొన్నారు. చవక రకం వాచీల్లో ఎవరు చేసినా ఒకటే వైబ్రేషన్ వస్తుంది, తాళాలు రావు. పరవాలేదు, రాత్రి రెండింటికి ఎవరు చేశారన్నది లేచాక చూసుకోవచ్చు.

ఇప్పుడు అమ్మగారి ఆండ్రాయిడ్. ఆవిడకి చెవులు బాగున్నాయి, కాబట్టి శబ్దమే పేరు చెప్పాలి. వైబ్రేషన్‌ని నమ్ముకోకపోవడానికి ఇంకో కారణం, షుగర్ చాలాకాలం ఉన్నవాళ్లకి నరాల స్పర్శ తగ్గే అవకాశం ఉంటుంది.

గూగుల్ కాంటాక్ట్స్ యాప్‌లో ఒక కాంటాక్ట్ తెరిచి, పైన మూడు చుక్కలు నొక్కితే `Set ringtone` ఉంటుంది. శాంసంగ్‌లో అయితే ఎడిట్ నొక్కి, `View more` కింద `Ringtone`. ఒక్కోసారి ఈ ఆప్షనే కనిపించదు. కంగారుపడకండి, ఆ నెంబర్ సిమ్‌లో సేవ్ అయి ఉంటుంది. సిమ్‌లో పేరు, నెంబర్ తప్ప రింగ్‌టోన్ దాచుకునే చోటు లేదు. దాన్ని ఫోన్‌లోకి గానీ గూగుల్ అకౌంట్‌లోకి గానీ మార్చి, సిమ్‌లోది తీసేయండి. ఒకే మనిషి మూడుసార్లు సేవ్ అయి ఉన్నా ఇదే గొడవ, ఒకదానికి టోన్ పెడతాం, ఫోన్ ఇంకోదాన్ని చూపిస్తుంది. విదేశీ నెంబర్లని `+1` లాంటి దేశం కోడ్‌తో కలిపి సేవ్ చేయండి.

ఏ టోన్ పెట్టాలి? చాలామంది సినిమా పాట పెడతారు. పాట మొదట్లో ఆలాపనో, వేణువో పది సెకన్లు నడుస్తుంది, పల్లవి వచ్చేసరికి మూడో వంతు టైమ్ అయిపోతుంది. మొదటి సెకనులోనే తేడా తెలియాలి. దీనికి నాకు బాగా నచ్చిన మార్గం ఆ మనిషి గొంతే. కూతురు తన ఫోన్‌లో వాయిస్ రికార్డర్ తెరిచి, మైకుకి దగ్గరగా "అమ్మా, నేనే, అమ్మాయిని. ఫోన్ తియ్యమ్మా" అని గట్టిగా, కొంచెం ఆగి ఆగి మూడుసార్లు చెప్పి, ఆ ఫైల్ పంపారు. దాన్ని అమ్మగారి ఫోన్‌లో సేవ్ చేసి రింగ్‌టోన్‌గా పెట్టారు. కొడుకూ అలాగే పంపారు. డాక్టరు గారి క్లినిక్‌కి మాత్రం గొంతు కాకుండా గుడి గంట. కుటుంబం అంటే గొంతు, తెలిసిన బయటివాళ్లంటే గంట, తెలియనివాళ్లంటే కంపెనీ ఇచ్చిన మామూలు టోన్. ఈ మూడే ఆవిడ గుర్తుపెట్టుకోవాల్సింది.

ఇందులో ఇంకో లాభం ఉంది. మామూలు టోన్ మోగిందంటే మనవాళ్లు కాదు. పోలీసులమని, బ్యాంకు నుంచని బెదిరించే కాల్స్ ఎక్కువైపోయాయి కదా. మామూలు టోన్ వస్తే ఎత్తకమ్మా, అవసరమైనవాళ్లు అబ్బాయికి చేస్తారు అని చెప్పి ఉంచారు. అయితే టోన్ నెంబర్‌ని బట్టి వస్తుంది, మనిషిని బట్టి కాదు. నెంబర్‌ని దొంగగా చూపించే మోసాలూ ఉన్నాయి. కూతురి గొంతుతో మోగినా, డబ్బు మాట వస్తే పెట్టేసి తిరిగి ఫోన్ చేయాలి.

ఇదంతా అయ్యాక కూతురు అమెరికా నుంచి ఫోన్ చేస్తే అమ్మగారికి మామూలు టోనే మోగింది! ఎందుకంటే ఆవిడ చేసింది వాట్సాప్‌లో. ఆండ్రాయిడ్‌లో కాంటాక్ట్‌కి పెట్టిన రింగ్‌టోన్ మామూలు కాల్స్‌కే వర్తిస్తుంది, వాట్సాప్ తన టోన్లు తను వేరుగా దాచుకుంటుంది. విదేశాల్లో పిల్లలున్న ఇళ్లలో దాదాపు అందరూ ఇక్కడే ఆగిపోతారు. వాట్సాప్‌లో ఆ మనిషి చాట్ తెరిచి, పైన పేరు మీద నొక్కి, `Notifications` లోకి వెళ్లండి. పాత వెర్షన్లలో `Custom notifications` అని ఉంటుంది. `Use custom notifications` టిక్ చేస్తే మెసేజ్‌కి టోన్, వైబ్రేషన్ ఒక చోట, కాల్‌కి రింగ్‌టోన్, వైబ్రేషన్ ఒక చోట కనిపిస్తాయి. కాల్ రింగ్‌టోన్‌గా అదే గొంతు ఫైల్ ఎంచుకోండి. వైబ్రేషన్‌లో ఇక్కడ పొట్టిదా పొడుగుదా అన్నంతవరకే ఎంచుకోగలం, మన తాళం కొట్టే వీలు లేదు. నాన్నగారికి కూడా అందుకే పిల్లలిద్దరూ ముందు మామూలు కాల్ చేస్తారు, వీడియో కావాలంటే తర్వాత వాట్సాప్.

టోన్ పెట్టని నెంబర్లకి, ఫోన్ పేరు చదివి చెప్పే సదుపాయం ఉంది. గూగుల్ ఫోన్ యాప్ సెట్టింగ్స్‌లో `Caller ID announcement`, దాన్ని `Always` చేయండి. శాంసంగ్ ఫోన్ యాప్‌లో కాల్స్ ఎత్తే, పెట్టే సెట్టింగ్స్ దగ్గర `Read caller names aloud`. పేర్లు తెలుగు లిపిలో సేవ్ చేసి ఉండి, ఫోన్‌లో మాట్లాడే గొంతు ఇంగ్లీషుది అయితే, పేరు సరిగా పలకకపోవచ్చు. టెక్స్ట్ టు స్పీచ్ సెట్టింగ్స్‌లో తెలుగు గొంతు దించుకుంటే బాగుంటుంది. బస్సులో, ఫంక్షన్లో పదిమందిలో పేర్లు గట్టిగా చదవడం కొందరికి నచ్చదు. ఆవిడనే అడిగి పెట్టండి. ఈ అమ్మగారు వద్దన్నారు, గొంతులు చాలన్నారు.

ఒక విషయం రాసి పెట్టుకోండి. కాంటాక్ట్‌కి పెట్టిన ఈ రింగ్‌టోన్లు ఆ ఫోన్‌లోనే ఉంటాయి, గూగుల్ అకౌంట్‌తో కొత్త ఫోన్‌లోకి రావు. ఫోన్ మార్చినా, రీసెట్ చేసినా మళ్లీ మొదటినుంచి పెట్టాలి. ఆ గొంతు ఫైళ్లు ఎక్కడైనా భద్రంగా దాచుకోండి.

చివరిగా పరీక్ష. సెట్టింగ్స్‌లో `Play` నొక్కి విని "బాగుంది" అనుకోవడం పరీక్ష కాదు. ఇంట్లోవాళ్లు మామూలుగా ఉండే చోట, చెప్పకుండా నిజంగా కాల్ చేయాలి. ఈ ఇంట్లో ఒక ఆదివారం కొడుకు వచ్చి, నాన్నగారు టీవీ ముందు, వరండాలో, పెరట్లో మొక్కల దగ్గర, హియరింగ్ ఎయిడ్స్ తీసి పడుకున్నప్పుడు, నాలుగు చోట్లా వేర్వేరు ఫోన్ల నుంచి చేయించారు. ఫోన్ తీయక ముందే ఎవరో చెప్పమన్నారు. టీవీ ముందు లైట్ చూసి లేచి, ఫోన్ చేతిలోకి తీసుకోగానే తాళం పట్టి చెప్పారు. వరండాలో లైట్ తెలియలేదు, రొంటిన ఉన్న వైబ్రేషన్ తెలిసింది. పడుకున్నప్పుడు వాచీ లేపింది. పెరట్లో మాత్రం రెండుసార్లూ తెలియలేదు. ఫోన్ లోపల స్టూలు మీద ఉండిపోయింది, వాచీ కూడా తీసి పక్కన పెట్టారు. దానికి ఏ సెట్టింగూ లేదు కాబట్టి, పెరట్లోకి వెళ్లేటప్పుడు వాచీ పెట్టుకోమని అమ్మగారు గుర్తుచేస్తారు. ఇప్పుడు ప్రతి నెలా మొదటి ఆదివారం బాత్రూమ్ నుంచి అమ్మగారే ఒక కాల్ చేసి చూస్తున్నారట.

ఈ ఎపిసోడ్‌కి ఇంతేనండీ, ఉంటాను.